వచ్చీ రాని ఫైలు

నెలాఖరు రోజున బ్యాంకుకు వెళ్లే జీతాల ఫైలు ఒకటి తీసుకుందాం. రెండు వేల మంది ఉద్యోగులు, ఒక్కొక్కరికి ఒక్కో వరుస, వరుస చివర జీతం. అంతా కలిపి సుమారు 1,20,000 బైట్లు. ఒక ఫొటోలో పదో వంతు కూడా ఉండదు. జీతాల విభాగంలో ఎవరో ఒక బటన్ నొక్కితే ఆ ఫైలు ఎస్‌ఎఫ్‌టీపీ ద్వారా సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లోకి వస్తుంది. అక్కడ ఒక ప్రోగ్రామ్ రాత్రింబవళ్లు కాపలా కాస్తుంటుంది. కొత్త ఫైలు కనబడగానే తెరిచి, వరుసలు చదివి, చెల్లింపులు పంపి, ఫైలును `processed` అనే ఫోల్డర్‌లోకి జరిపేస్తుంది. చాలా ఆఫీసుల్లో ఏళ్ల తరబడి ఇదే ఏర్పాటు. దీని జోలికి ఎవరూ వెళ్లరు, ఎందుకంటే ఇది ఏనాడూ ఆగలేదు.

ఆగకపోవడంలోనే ప్రమాదం ఉంది. ఎస్‌ఎఫ్‌టీపీ ఫైలును ఒక్క దెబ్బకు తెచ్చి పడేయదు. మామూలుగా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ పెద్ద ఫైలును ముక్కలుగా కోసి పంపుతుంది. ముక్క 32,768 బైట్లదనుకుంటే మన ఫైలు నాలుగు ముక్కలవుతుంది. ఫైలు పేరు మాత్రం మొదటి ముక్క కన్నా ముందే ఫోల్డర్‌లో కనిపిస్తుంది. కాపలా ప్రోగ్రామ్ చూసేది ఆ పేరునే. లారీ గేటు దాటిందని కేక వినగానే, హమాలీలు బస్తాలు దించుతుండగానే గుమస్తా సరుకు ముట్టినట్టు రాసేసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

రోజూ లైను వేగంగా ఉంటుంది కాబట్టి, ప్రోగ్రామ్ తెరిచేలోపు నాలుగు ముక్కలూ వచ్చేస్తాయి. ఒక నెలాఖరున లైను మందగించి, మూడు ముక్కలు వచ్చాక నాలుగోది అర నిమిషం ఆలస్యమైందనుకుందాం. ఆ క్షణాన ఫోల్డర్‌లో ఉన్నవి 98,304 బైట్లు. అందులో 1,640 వరుసలు నిండుగా ఉన్నాయి. 1,641వ వరుస ఇలా ఉండాల్సింది:

```
E1641,...,48250.00
```

వచ్చింది ఇంతే:

```
E1641,...,48
```

ఇక్కడ చదివే ప్రోగ్రామ్‌కు అనుమానం రావడానికి కారణమే లేదు. 48 కూడా సంఖ్యే. చివరి వరుసకు కొత్త లైను గుర్తు లేకపోయినా సీఎస్‌వీ చదివే ప్రోగ్రామ్‌లు చాలావరకు ఊరుకుంటాయి. అందువల్ల 1,640 మందికి జీతం పడుతుంది, ఒకరికి నలభై ఎనిమిది రూపాయలు పడతాయి, మిగతా 359 మందికి అసలేమీ పడదు. లాగ్‌లో మాత్రం ఒక్క తప్పు కూడా నమోదు కాదు. జిప్ ఫైలయితే దాని విషయసూచిక చివర్లో ఉంటుంది, జీజిప్ అయితే చివరి ఎనిమిది బైట్లలో సరిచూసుకునే అంకె, అసలు పొడవు ఉంటాయి. సగం ఫైలు ఇస్తే రెండూ మొరాయిస్తాయి. సీఎస్‌వీకి తల ఉంది గాని తోక లేదు. ఎక్కడ తెగినా అది చక్కని సీఎస్‌వీయే.

ఇంతకన్నా ఆందోళన కలిగించేది ఆ తర్వాత జరిగేది. చదవడం ముగించిన ప్రోగ్రామ్ ఫైలును `processed` లోకి జరిపింది కదా. లినక్స్‌లో ఒకే డిస్క్ విభాగంలో ఫైలును జరిపితే మారేది దాని చిరునామా మాత్రమే, ఫైలు అదే. పంపేవారి వైపు నుంచి రాస్తున్న చేయి దాన్ని ఇంకా పట్టుకునే ఉంటుంది. అర నిమిషం తర్వాత నాలుగో ముక్క వచ్చి, జరిగిపోయిన ఆ ఫైలులోనే సక్రమంగా అతుక్కుంటుంది. మర్నాడు ఉదయం గొడవ మొదలై, ఎవరో `processed` ఫోల్డర్ తెరిచి చూస్తారు. రెండు వేల వరుసలూ ఉంటాయి. 1,641వ వరుసలో 48250.00 అనే ఉంటుంది. ఫైలు సరిగానే వచ్చింది, తప్పు బ్యాంకుదని తేల్చేస్తారు. సాక్ష్యం తనను తాను దిద్దుకుని కూర్చుంటే పంచాయితీ ఏం తేలుస్తుంది?

అప్పుడు చేసే మరమ్మతు ఇంకో తప్పుకు దారి తీస్తుంది. 'సరే, ఫైలు మళ్లీ పంపండి' అంటారు. ఒక్కో చెల్లింపుకు మళ్లీ వాడకూడని ఒక సంఖ్య ఇచ్చి, పాతదైతే తిప్పికొట్టే ఏర్పాటు లేకపోతే 1,640 మందికి రెండో జీతం పడుతుంది.

ఈ ప్రమాదం తెలిసినవాళ్లు కూడా చాలామంది దాన్ని 'కాసేపు ఆగుదాం' అనే ఉపాయంతో దాటేస్తున్నారు. ఫైలు కనబడ్డాక ముప్పై సెకన్లు ఆగి తెరవడం ఒక పద్ధతి. ఐదు సెకన్ల తేడాతో రెండుసార్లు సైజు చూసి, మారకపోతే వచ్చేసిందనుకోవడం ఇంకో పద్ధతి. రెండూ లైను మనసు తెలుసన్నట్టు పందెం కాయడమే. లైను ముప్పై ఒకటో సెకనులో కోలుకోదని హామీ ఎవరిస్తారు? సైజు పద్ధతి ఇంకా మోసకారి. ముక్కకూ ముక్కకూ మధ్య లైను ఆగితే సైజు కదలదు. విండోస్‌లో కాపీ చేసేటప్పుడైతే ఫైలు లోపల నిండకముందే పూర్తి సైజు చూపించవచ్చు. అప్పుడు ఎన్నిసార్లు కొలిచినా ఒకటే అంకె.

కాస్త లోతు తెలిసినవాళ్లు లినక్స్‌లోని ఐనోటిఫైని ఆశ్రయిస్తారు. ఫోల్డర్‌లో కదలిక జరిగితే కెర్నెల్ తానే చెప్పే సదుపాయం ఇది. 2005 నుంచి లినక్స్‌లో ఉంది. ఫైలు పుట్టినప్పుడు `IN_CREATE` అనే కబురు వస్తుంది, రాయడానికి తెరిచినవారు మూసినప్పుడు `IN_CLOSE_WRITE` వస్తుంది. మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని వింటే చాలని ఒక నమ్మకం ఉంది. మెరుగే, కాదనం. కానీ ఆ కబురు చెప్పేది ఫైలు మూశారని, నిండిందని కాదు. సగంలో కనెక్షన్ తెగితే సర్వర్ వైపు ప్రోగ్రామ్ తన చేతిలోని ఫైలును మూసేస్తుంది. అప్పుడూ `IN_CLOSE_WRITE` వస్తుంది, అచ్చం అదే కబురు. మన జీతాల ఫైలుకు లైను ఆలస్యం కాక పూర్తిగా తెగిపోయి ఉంటే ఈ కాపలాదారు కూడా ఆ నలభై ఎనిమిది రూపాయలే పంపేవాడు.

ఫైలు నిండిందో లేదో తెలిసినవారు లోకంలో ఒక్కరే ఉన్నారు, పంపినవారు. కాబట్టి ఆ మాట వారే చెప్పాలి. అది చెప్పే పద్ధతి పాతది, పైసా ఖర్చు లేనిది. ఫైలును కాపలా ప్రోగ్రామ్ పట్టించుకోని పేరుతో పంపి, అంతా చేరాక అసలు పేరు పెట్టడం:

```
put jun.csv .jun.csv.part
rename .jun.csv.part jun.csv
```

ఒకే డిస్క్ విభాగంలో పేరు మార్చడం అవిభాజ్యంగా జరుగుతుంది. చూసేవారికి పాత పేరైనా ఉంటుంది, కొత్త పేరైనా ఉంటుంది, మధ్యస్థం ఉండదు. ఈ రెండు వరుసల్ని ఒక ఫైలులో పెట్టి `sftp -b` తో నడిపితే, మొదటిది విఫలమైతే రెండోది జరగదు. అంటే సగం ఫైలుకు అసలు పేరు దక్కే దారి మూసుకుపోతుంది. ఆర్‌సింక్ అనే కాపీ పనిముట్టు కూడా అప్రమేయంగా చేసేది ఇదే. చుక్కతో మొదలయ్యే తాత్కాలిక పేరుతో రాసి, చివర్లో పేరు మారుస్తుంది. ఎవరైనా తెలివిగా `--inplace` తగిలిస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది. తాత్కాలిక ఫైలును వేరే డిస్క్‌లో పెట్టినా అంతే. `mv` నోరు మెదపకుండా పేరు మార్చడం మానేసి బైట్లు కాపీ చేస్తుంది, కథ మొదటికొస్తుంది.

అందుకునే వైపు వినాల్సింది పేరు మారిన కబురునే:

```
inotifywait -m -e moved_to --format '%f' /data/incoming
```

దీని మీదే భారమంతా వేయడమూ తగదు. ప్రోగ్రామ్ ఆగి మళ్లీ మొదలయ్యే మధ్యలో వచ్చిన ఫైళ్ల కబురు దానికి చేరదు. ఫోల్డర్ ఇంకో యంత్రం నుంచి రాసే నెట్‌వర్క్ షేర్ అయితే ఐనోటిఫై ఆ రాతను చూడనే చూడదు. అందుకే ముందు కాపలా మొదలుపెట్టి, ఆ తర్వాత ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఒకసారి చూసుకోవాలి. వరస తారుమారైతే ఆ రెంటి నడుమ వచ్చిన ఫైలు ఎవరి కంటా పడదు. కొన్ని నిమిషాలకోసారి మళ్లీ మొత్తం చూడటం వల్ల పోయేదేమీ లేదు.

ఇంత చేసినా ఒక కంత మిగులుతుంది. జీతాల ప్రోగ్రామే సగంలో కూలిపోయి సగం ఫైలు తయారు చేస్తే, దాన్ని ఎంత పద్ధతిగా పంపి పేరు మార్చినా లాభం లేదు. లారీతో పాటు వేబిల్లు వచ్చేది ఇందుకే. సీఎస్‌వీకి లేని తోకను మనమే తగిలించాలి:

```
END,2000,84500000.00
```

చివరి వరుస ఇదే కావాలి, వరుసల సంఖ్య, మొత్తం సొమ్ము పైసలతో సహా లెక్కకు రావాలి. రాకపోతే ఒక్క రూపాయి కూడా కదలకూడదు, ఫైలు పక్కన ఉండాలి, ఎవరికో ఫోన్ వెళ్లాలి. 'వచ్చినంతవరకు పంపేద్దాం, మిగతాది తర్వాత చూద్దాం' అనే సర్దుబాటు ఇక్కడ నేరంతో సమానం. ఎంతవరకు వచ్చిందో తెలియకపోవడమే కదా అసలు చిక్కు.

పేరు మార్చే నియమం, ఆఖరి వరుస నియమం రెండూ పంపేవారు, అందుకునేవారు కలిసి ఒప్పుకోవాల్సినవి. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, ఫోల్డర్ దారి, పాస్‌వర్డు, ఫైలులో ఏ గడి తర్వాత ఏ గడి రావాలో కాగితం మీద ఉంటాయి. ఫైలు పూర్తయిందని ఎలా తెలియాలన్న మాట మాత్రం ఉండదు. అది రాయాల్సింది ప్రోగ్రామర్ కాదు, సంతకం పెట్టే అధికారి.

మీ ఆఫీసులో పరిస్థితేమిటో తెలుసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. సొమ్ము కదలని పరీక్ష సర్వర్ మీద, నకిలీ జీతాల ఫైలును కావాలనే నెమ్మదిగా పంపండి. `sftp -B 32768 -l 16` అని మొదలుపెడితే వేగం సెకనుకు 16 కిలోబిట్లకు పడిపోతుంది. మన ఫైలు చేరడానికి దాదాపు నిమిషం పడుతుంది, అవతల దాని సైజు సుమారు పదహారు సెకన్లకోసారి 32,768 చొప్పున గెంతుతుంది. ఐదు సెకన్ల సైజు పద్ధతి ఏమవుతుందో అక్కడే కనిపిస్తుంది. `processed` ఫోల్డర్ ఖాళీ చేసి, ఫైలును రెండోసారి పంపుతూ నలభయ్యో సెకను దగ్గర నెట్‌వర్క్ తీగ ఊడబీకండి. సర్వర్ వైపు కనెక్షన్ పోయిందని తేలేదాకా ఆగి, `processed` ఫోల్డర్ తెరవండి. అది ఖాళీగా ఉండాలి.