తెలుగు బాగున్నా తప్పే

టీబీ మందుల కరపత్రంలో ఒక ఇంగ్లిష్ వాక్యం ఉందనుకుందాం: డాక్టర్ చెప్పేదాకా ఈ మాత్రలు వేసుకోవడం ఆపవద్దు అని దాని అర్థం. ఒక అనువాద యంత్రం ‘డాక్టర్ చెప్పేదాకా ఈ మాత్రలు వేసుకోవద్దు’ అంది. ఇంకొకటి ‘వైద్యుడు మీకు చెప్పే వరకు ఈ మాత్రలను తీసుకొనుటను నిలుపవద్దు’ అంది. మొదటిది మన ఇంట్లో మాటలా ఉంది, రెండోది సర్కారు నోటీసులా ఉంది. అయినా నా ఓటు రెండోదానికే. మొదటిది ‘ఆపడం’ అన్న ఒక్క క్రియను మింగేసింది. దాన్ని నమ్మిన రోగి మందు మానేస్తాడు, మధ్యలో మానితే టీబీ క్రిములు మందుకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. సరైన అనువాదంతో మాటలు ఎన్ని కలిశాయో లెక్కపెట్టి మార్కులు వేసే పద్ధతులు ఇక్కడ మోసపోతాయి. పైన నేను చెప్పిన అర్థాన్నే సరైన అనువాదంగా పెట్టి పోల్చండి: మొదటిదాని ఐదు మాటల్లో నాలుగు కలుస్తాయి, రెండోదాని ఎనిమిదింటిలో ‘ఈ’ ఒక్కటే. అందుకే మూలాన్ని పక్కనే పెట్టుకుని, ఈ తెలుగు చదివిన మనిషి రేపు పొద్దున ఏం చేస్తాడని ముందు అడగాలి. రెండోదాని బిగుసుకున్న భాషను తెలుగు తెలిసినవారెవరైనా నిమిషంలో సరిచేస్తారు. మొదటిదానిలోని తప్పు మాత్రం మూలం చూడనివారికి కనిపించదు.