నెలకు 30 రోజులేనా? దరఖాస్తుల్లో వయసు లెక్క సరిచేయాలి!



మొన్న మా వీధి అమ్మాయి ఉద్యోగ దరఖాస్తు తిరిగొచ్చింది. వయసు గడిలో 27 ఏళ్ల 8 నెలల 14 రోజులని రాసింది. ఆఫీసులో 14 కొట్టేసి, ఎర్రసిరాతో 13 వేసి, ‘వయసు తప్పు’ అన్నారు. పాతికేళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నవాణ్ణి, చెబుతున్నాను: ఆ పిల్ల లెక్కే సరైనది.

కాగితం తీసుకుని మీరే వేయండి. పుట్టింది 18-11-1996న, వయసు చూడాల్సింది 01-08-2024 నాటికి. పైన 2024, 8, 1 వేసి, కింద 1996, 11, 18 వేయండి. రోజులతో మొదలుపెట్టాలి. ఒకటిలోంచి పద్దెనిమిది పోదు కాబట్టి నెలల గడి నుంచి ఒక నెల అప్పు తేవాలి. ఏ నెల? ఆగస్టు ఇప్పుడే మొదలైంది, నిండుగా గడిచింది జూలై. దానికి 31 రోజులు. 31, 1 కలిపి 32, అందులో 18 పోతే 14. నెలల గడిలో 7 మిగిలాయి, అందులోంచి 11 పోదు. ఒక ఏడాది అప్పు తెస్తే 19, పదకొండు పోగా 8. ఇక 2023లోంచి 1996 పోతే 27.

సరిచూడాలంటే వెనక నుంచి రండి. 27 ఏళ్లకు 18-11-2023, ఇంకో 8 నెలలకు 18-07-2024. అక్కడి నుంచి ఆగస్టు ఒకటికి వేళ్ల మీద లెక్కపెట్టండి, పద్నాలుగే వస్తాయి.

మరి 13 ఎక్కడిది? జూలైకి కూడా 30 రోజులే అప్పు తెచ్చారు! వడ్డీ లెక్కలో నెలకు 30 అంటే ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒప్పుకున్న మాట. మనిషి బతికిన రోజులు ఎవరి ఒప్పందమూ కాదు. మార్చి ఒకటి నాటికి వయసు అడిగితే ఇదే అలవాటు, ఫిబ్రవరికి లేని రోజులు అంటగడుతుంది. 31న పుట్టినవాళ్లకైతే ఫిబ్రవరి రోజులు చాలవు, జనవరి నుంచి రెండో అప్పు తేవాల్సిందే.

ఒక్కరోజు తేడాకు ఇంత గొడవా అంటారా, అధికారులారా? ఆ ఒక్కరోజుకే దరఖాస్తు తిప్పికొట్టింది మీరు! అర్హత తేల్చడానికి పదో తరగతి మెమోలోని పుట్టిన తేదీ చాలు, ఈ గడితో పనే లేదు. ఫోనులో చూసుకోమనేవాళ్లకు జవాబు అనవసరం. ఎర్రసిరా పెట్టింది ఫోను కాదు.

పుట్టిన రోజును పూర్తి రోజుగా లెక్కలో చేర్చాలని 1875 నాటి మెజారిటీ చట్టమే స్పష్టంగా రాసుకుంది. ఇవాళ్టి దరఖాస్తులో ఆపాటి వాక్యం కూడా లేదు. ఆ రోజును కలుపుకోవాలా వద్దా, అప్పు ఏ నెలది తేవాలి అన్న రెండు ముక్కలూ వయసు గడి కిందే అచ్చు వేయండి. వేయలేకపోతే గడే ఎత్తేసి పుట్టిన తేదీ ఒక్కటే అడగండి. ముందుగా, ఆ అమ్మాయి దరఖాస్తు వెనక్కి తీసుకుని ఆ 13 కొట్టేయండి.