రిలీవింగ్ లెటర్‌ను ఉద్యోగి భాషలో వివరించాలి

పాన్‌గల్ మండలంలో బీటెక్, ఫార్మసీ, కెమిస్ట్రీ చదివిన పిల్లలు హైదరాబాద్‌లోనో, జడ్చర్ల పక్కన పోలేపల్లి మందుల ఫ్యాక్టరీల్లోనో నాలుగేళ్లు పనిచేసి ఐర్లాండ్‌కో కెనడాకో దరఖాస్తు పెట్టడం ఇప్పుడు వింతేమీ కాదు. ఇంటర్వ్యూ గట్టెక్కి, ఆఫర్ లెటర్ చేతికొచ్చిన తర్వాత కూడా వారిలో కొందరు ఒకచోట ఇరుక్కుపోతున్నారు. అదే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. పాత కంపెనీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్‌లలో ఒక తేదీ, ఒక మాట తేడా పడితే చాలు, నాలుగేళ్లు నిజాయితీగా చేసిన పని అనుమానం పాలవుతోంది. ఈ రెండు కాగితాల్లో ఏం రాశారో ఉద్యోగికి తెలుగులో చెప్పి, తప్పుంటే అక్కడికక్కడే దిద్ది, ఆ తర్వాతే చేతికివ్వడం యాజమాన్యం విధి. దాన్ని దయగా చూసే అలవాటు పోవాలి.

రెండు కాగితాలూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కానీ అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ హోదాలో, ఏ పని చేశాడన్నది ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చెబుతుంది. రాజీనామాను కంపెనీ ఒప్పుకుందా, ఏ రోజు సాయంత్రంతో బాధ్యతల నుంచి తప్పించింది, ఇంకేమైనా లెక్క మిగిలిందా అన్నది రిలీవింగ్ లెటర్ చెబుతుంది. మొదటిది ఉండి రెండోది లేకపోతే, పని చేసినట్టు రుజువవుతుంది గానీ సవ్యంగా బయటికి వచ్చినట్టు రుజువు కాదు.

విదేశీ కంపెనీ ఈ పరిశీలనను సాధారణంగా ఒక వెరిఫికేషన్ సంస్థకు అప్పగిస్తుంది. ఆ సంస్థ అభ్యర్థి సమ్మతి పత్రం తీసుకుని పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు రాస్తుంది. లెటర్ మీద అభ్యర్థి చూపిన ఫోన్ నంబరును నమ్మకుండా, కంపెనీ అధికారిక ఈమెయిల్ చిరునామాను తానే వెతుక్కుంటుంది. చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా, వదిలిన కారణం, బకాయిలు, మళ్లీ తీసుకుంటారా అన్నవి అది అడిగే ప్రశ్నలు. వచ్చిన జవాబును అభ్యర్థి రెజ్యూమెతో, కాగితాలతో, చాలాసార్లు పీఎఫ్ సర్వీస్ హిస్టరీతో పక్కపక్కన పెట్టి చూస్తుంది. అక్కడ కూర్చున్న మనిషికి పాన్‌గల్ తెలియదు, ఈ అబ్బాయీ తెలియడు. అతడికి కనిపించేవి అక్షరాలు, అంకెలు మాత్రమే.

అందుకే కాగితంలోని ఒక్కో మాట బరువేమిటో తెలియాలి. 'రిలీవ్డ్ ఎట్ ద క్లోజ్ ఆఫ్ బిజినెస్ అవర్స్' అంటే ఆ రోజు పని ముగిశాక కంపెనీయే సమ్మతించి పంపిందని. అది మంచి మాట. 'సబ్జెక్ట్ టు ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్' అని ఉంటే లెక్కలు తేలే వరకు ఆ విముక్తికి షరతు ఉన్నట్టే. లెక్క తేలాక ఆ షరతు లేని లెటర్ మరొకటి తీసుకోకపోతే, రెండేళ్ల తర్వాత చదివేవాడు బకాయి ఇంకా ఉందనుకుంటాడు. 'సర్వీసెస్ టర్మినేటెడ్' అన్నది ఇంకా ప్రమాదకరం. కాంట్రాక్ట్ గడువు ముగిసి వెళ్లిపోయిన వారికి కూడా కొన్ని చిన్న సంస్థలు పాత నమూనాలో ఈ మాటే కొట్టి ఇస్తాయి. పరాయి దేశంలో చదివేవాడికి అది తీసేశారన్న అర్థమే ఇస్తుంది. గడువు ముగిసిందని రాస్తే సరిపోయేది. 'డెప్యూటెడ్ ఎట్' అని ఉంటే జీతం ఇచ్చింది ఒకరు, పని చేసింది మరొకరి దగ్గర అని అర్థం. లేబర్ కాంట్రాక్టర్ పేరోల్ మీద ఉండి రెజ్యూమెలో ఫ్యాక్టరీ పేరొక్కటే రాసుకున్న కుర్రాడి గురించి ఫ్యాక్టరీని అడిగితే, మా రికార్డుల్లో అలాంటి పేరు లేదన్న జవాబు వస్తుంది. ఆ జవాబులో అబద్ధం లేదు. రెజ్యూమెలో పేరోల్ సంస్థను ముందు రాసి, ఫలానా ఫ్యాక్టరీలో పనిచేశానని పక్కన చేరిస్తే ఈ చిక్కే రాదు.

తేదీల చిక్కు ఎలా పుడుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. పాన్‌గల్ యువకుడొకడు 2019 జూన్ 10న ఒక మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో ట్రెయినీగా చేరాడు. 2020 జనవరి 10న ఉద్యోగం ఖాయమై అనలిస్ట్ అయ్యాడు. 2023 జనవరి 31న రాజీనామా ఇచ్చాడు. నోటీసు 60 రోజులు కాబట్టి అది ఏప్రిల్ 1తో ముగియాలి. మిగిలిన ఎనిమిది రోజుల సెలవును సర్దుబాటు చేసి మార్చి 24నే పంపించారు. రిలీవింగ్ లెటర్‌లో మార్చి 24 అని పడింది. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తయారుచేసిన మరో గుమస్తా, ఉద్యోగం ఖాయమైన రోజు నుంచి నోటీసు ముగిసే రోజు దాకా లెక్కవేసి '2020 జనవరి 10 నుంచి 2023 ఏప్రిల్ 1 వరకు, అనలిస్ట్' అని రాశాడు. పీఎఫ్ ఖాతాలో చేరిక 2019 జూన్ 10, నిష్క్రమణ 2023 మార్చి 24. రెజ్యూమెలో ఆ యువకుడు '2019 జూన్ నుంచి 2023 ఏప్రిల్ వరకు, అనలిస్ట్' అని రాసుకున్నాడు.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. అయినా వెరిఫికేషన్ నివేదికలో మూడు తేడాలు కనిపిస్తాయి. చేరిన తేదీకి ఏడు నెలల తేడా, వదిలిన తేదీకి ఎనిమిది రోజుల తేడా, ట్రెయినీగా గడిపిన కాలానికి హోదా తేడా. వీటిలో ఎనిమిది రోజులను ఒక వివరణతో దాటించవచ్చు. ఏడు నెలల అనుభవం, హోదా మాత్రం పెంచి చెప్పినట్టు కనిపిస్తాయి. లెటర్ ఇచ్చిన రోజే ఒకరు పక్కన కూర్చుని, 'బాబూ, ఇదిగో నువ్వు చేరిన రోజు, ఇది చివరిగా పనిచేసిన రోజు, ఇవి నీ రెండు హోదాలు, సరిగా ఉన్నాయా' అని అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు.

మన పేర్లు, తేదీలు రాసే పద్ధతి ఈ చిక్కును పెంచుతుంది. లెటర్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. 03/04/2021 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికాలో చదివేవాడికి మార్చి 4. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, నెలను అక్షరాల్లో రాసిన తేదీ ఉంటే ఈ రెండు సందేహాలూ ఉండవు.

తేడా బయటపడ్డాక ఏం చేయాలన్నది కూడా స్పష్టంగా చెప్పాలి. సొంతంగా లెటర్‌ను దిద్దుకోవడం, అమీర్‌పేట దళారి చేత కొత్త లెటర్ కొట్టించుకోవడం ఉన్న నిజాన్ని కూడా పోగొట్టుకోవడమే. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే కెనడా ఐదేళ్ల పాటు గుమ్మం మూసేస్తుంది. వీసా కోసం మోసం చేశారని తేలితే అమెరికా చట్టం శాశ్వత అనర్హత దాకా వెళ్తుంది. సరైన దారి కంపెనీ నుంచి వివరణ లేఖ తెచ్చుకోవడం. ట్రెయినీ కాలం, అనలిస్ట్ కాలం విడివిడిగా చెప్పి, ఏప్రిల్ 1 నోటీసు గడువు మాత్రమేనని, చివరి పనిదినం మార్చి 24 అని లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. కంపెనీ మూతపడితే నియామక పత్రం, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ కలిపి ఇవ్వాలి. పీఎఫ్‌లో నిష్క్రమణ తేదీ పడకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు. తన మీద వచ్చిన నివేదికను అడిగే హక్కు కూడా అభ్యర్థికి ఉంది. యూరప్ జీడీపీఆర్ ప్రకారం అడిగిన నెలలోగా సమాచారం ఇవ్వాలి. అమెరికాలో నివేదిక ఆధారంగా ఉద్యోగం నిరాకరించే ముందే దాని ప్రతిని అభ్యర్థికి పంపాలి.

మా కంపెనీ ఫార్మాట్ ఇదే, ఒక్కొక్కరికి ఒక్కోలా రాయలేమన్నది యాజమాన్యాల వాదన. పొగడ్త రాయమని ఎవరూ అడగడం లేదు. కంపెనీ దగ్గరున్న రికార్డునే సరిగా ఎక్కించమంటున్నాం. మరికొందరు నోటీసు సొమ్ము కట్టేదాకా లెటర్ ఇవ్వమంటారు. రావలసిన సొమ్ము ఉంటే ఆ సంగతిని లెక్కల్లో చూపాలి, రాబట్టుకోవడానికి చట్టం చూపే దారిలో వెళ్లాలి. చేసిన పనికి రుజువును తాకట్టు పెట్టుకోవడం మాత్రం న్యాయం కాదు. ఉద్యోగం వదిలిన రెండు పనిదినాల్లో వేతనం చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతుంటే, ఒక కాగితానికి నెలల తరబడి తిప్పుకోవడానికి సాకు ఏముంది?

ఉద్యోగి భాషలో చెప్పాలన్న మాట కొత్తదేమీ కాదు. 1979 నాటి అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం, ప్రతి వలస కూలీకి కాంట్రాక్టర్ ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలని, పని స్థలం, పని కాలం, కూలి రేటు అందులో హిందీ, ఇంగ్లిష్‌లతో పాటు ఆ కూలీ భాషలోనూ రాయాలని నిర్దేశించింది. దేశమంతా ప్రాజెక్టులు కట్టిన పాలమూరు లేబర్‌కు ఆ నిబంధన ఎంత మేరకు అమలైందో ఈ ప్రాంత పెద్దలకు తెలుసు. కానీ సూత్రం సరైనదే. తన పని గురించి రాసిన కాగితం కార్మికుడికి అర్థం కావాలి. ఆ చట్టం 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. చేరేటప్పుడు నియామక పత్రం ఇచ్చి తీరాలని అదే కోడ్ అంటోంది. వదిలేటప్పుడు ఇచ్చే కాగితం విషయంలో మాత్రం అందరికీ వర్తించే ఇంతటి పట్టింపు లేదు. పాత మోడల్ స్టాండింగ్ ఆర్డర్లు కూడా సర్వీస్ సర్టిఫికెట్ హక్కును శాశ్వత కార్మికులకు పరిమితం చేశాయి. ట్రెయినీలు, కాంట్రాక్ట్ సిబ్బంది ఆ గీతకు అవతలే ఉండేవారు.

తెలంగాణ కార్మిక శాఖ ఈ ఖాళీని పూడ్చాలి. పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు, చేరిన తేదీ, చివరి పనిదినం, ప్రతి హోదా ఎంత కాలం, జీతం ఇచ్చిన సంస్థ, వదిలిన కారణం ఉండే ఒక పేజీ నమూనాను రాష్ట్ర నియమాల్లో చేర్చాలి. చివరి పనిదినం నుంచి రెండు వారాల్లో అది శాశ్వత ఉద్యోగికీ కాంట్రాక్ట్ ఉద్యోగికీ అందాలి. తెలుగు ప్రతి దానికి జతగా ఉండాలి, రెండింటి మీదా ఉద్యోగి చదువుకున్నట్టు సంతకం తీసుకోవాలి. అలా ఇవ్వని సంస్థకు జరిమానా ఉండాలి. శాఖ కదిలే దాకా వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ యువత ఒక్క నియమం పాటించాలి: రిలీవింగ్ లెటర్‌లోని ప్రతి తేదీని పీఎఫ్ సర్వీస్ హిస్టరీతో సరిచూసుకోకుండా కంపెనీ గేటు దాటవద్దు.