పర్మిట్ మీద సంతకం పెడితే థర్మాకోల్ మండడం మానదు

కాంట్రాక్టరు ఫోర్‌మన్ గారికి,

స్పిన్నింగ్ ఖాతాలో గాలి డక్ట్‌కు కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయడానికి మీ మనుషులు వచ్చారు. మీ జేబులో హాట్ వర్క్ పర్మిట్ ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. మీ వెల్డరుకు హిందీ తప్ప రాదు. ఆ డక్ట్ కింద రింగ్ ఫ్రేముల దగ్గర ఎనిమిది గంటలు నిలబడే మావాళ్లకు తెలుగు, మరాఠీ వస్తాయి. ఆ కాగితంలో ఏముందో పనిచేసే వాళ్లలో ఒక్కరికీ తెలియదన్నమాట. అందుకే మన పత్రికలో మీకు రాస్తున్నాం. చదివిన సోదరులు మీకు వినిపిస్తారు.

పర్మిట్‌లో ఒక గడి ఉంది: చుట్టుపక్కల మండే వస్తువులు తొలగించారా? దాని పక్కన టిక్కు పెట్టారు. ఏం తొలగించారు? బాబిన్ల బుట్టలు పక్కకు జరిపారు, నేల ఊడ్పించారు. మంచిదే. కానీ అసలు మండేది నేల మీద లేదు. మీ రాడ్డు తగిలే చోట, రేకు వెనకాలే ఉంది.

ఆ డక్ట్ కింద నుంచి చూస్తే మొత్తం ఇనుములాగే కనబడుతుంది. కాదు. లోపల జీఐ రేకు, దాని మీద తారుతో అతికించిన థర్మాకోల్ పలకలు, వాటి మీద అల్యూమినియం రేకు తొడుగు. నమ్మకపోతే తొడుగు స్క్రూలు రెండు విప్పి చూడండి. తెల్లని గుళ్ళు రాలితే థర్మాకోల్. పసుపు రంగు గట్టి నురగ అయితే పఫ్. చేతికి దురద పెట్టే పీచు అయితే గ్లాస్ ఊల్. గ్లాస్ ఊల్ మండదు కదా అంటారు. పీచు మండదు, నిజమే. దాని వెనక అతికించిన కాగితం, తారు, అందులో ఏళ్ల తరబడి ఇరుక్కున్న దూది నుసి మండుతాయి.

ఇప్పుడు వెల్డింగ్ సంగతి. రాడ్డు అంటుకున్న చోట ఇనుము కరుగుతుంది, అంటే 1500 డిగ్రీల పైమాట. థర్మాకోల్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పల్చటి రేకుకు ఒక పక్క వెల్డు పడితే రెండో పక్క థర్మాకోల్ కరిగి ముడుచుకుని రేకు నుంచి విడిపోతుంది. అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. అంటుకున్న నిప్పు ఆ ఖాళీలో, రెండు రేకుల మధ్య, పొగగొట్టంలో పాకినట్టు పాకుతుంది. మీ వెల్డరు నల్ల అద్దం వెనక ఉంటాడు, అతనికి కనబడదు. బయట రంగు మాడి, పొగ వాసన తగిలేసరికి మంట పది అడుగులు దాటి ఉంటుంది. బక్కెట్టుతో నీళ్లు కొట్టినా తొడుగు మీద నుంచి జారిపోతాయి గానీ లోపలికి పోవు.

ఇదంతా మా ఊహ అనుకోవద్దు. 1996 ఏప్రిల్ 11న జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో, టెర్మినల్ పైనుండే రోడ్డు అతుకు దగ్గర వెల్డింగ్ చేస్తున్నారు. కరిగిన ఇనుప చుక్కలు సందులోంచి కిందికి దిగాయి. రోడ్డు కింద, టెర్మినల్ పైకప్పులో దాచిన పాలీస్టిరీన్ ఇన్సులేషన్ అంటుకుంది. అది మన థర్మాకోల్ జాతిదే. కింద జనం తిరుగుతూనే ఉన్నారు, పైన ఏం మండుతున్నదో వాళ్లకు తెలియదు. 17 మంది చనిపోయారు. జర్మనీ వెల్డరుకు పని రాక కాదు. తన కాలి కింద, కంటికి కనబడని చోట ఏముందో ముందుగా చూసుకోకపోవడం వల్ల.

కాబట్టి మా మొదటి మాట: ఈ పనికి పర్మిటే ఇవ్వకూడదు. అమెరికా వాళ్ల నిబంధన ఎన్‌ఎఫ్‌పీఏ 51బీ ఈ మాటే చెబుతుంది. మండే తొడుగు ఉన్న లోహపు గోడ మీద, కప్పు మీద, మండే సరుకు నింపిన ప్యానెల్ మీద వెల్డింగ్ చేయరాదు. పక్కన జాగ్రత్తలు తీసుకుని చేయండి అని కాదు, చేయరాదు అనే. పక్కనున్న పైపుకు వెల్డింగ్ చేసినా, ఆ వేడి పైపు వెంట నడిచి మండే వస్తువును తాకేటట్టుంటే అదీ కూడదు. డక్ట్ గోడ కాదు కదా అని ఇంజనీరు గారు వాదిస్తే, నిప్పుకు ఆ తేడా తెలియదని చెప్పండి.

బ్రాకెట్లు వర్క్‌షాపులో వెల్డు చేసి తెచ్చి, పైన క్లాంపు, బోల్టులతో బిగించండి. రంధ్రం చేతి డ్రిల్లుతో పడుతుంది. పది బ్రాకెట్లకు ఒక రోజు ఎక్కువ పడుతుందేమో, పడనివ్వండి.

వెల్డింగ్ తప్పదంటే ముందు థర్మాకోల్ తీయాలి. వెల్డు పడే చోట తొడుగు విప్పి, పలక తీసి, తారు గీకి, ఉత్త రేకు కనబడాలి. ఎంత దూరం? వెల్డుకు అన్ని వైపులా కనీసం మూడు అడుగులని మా పట్టు. ఒక ముక్క అతికించి, చెయ్యి ఓర్చుకోలేని వేడి ఎంత దూరం వచ్చిందో చూడండి. మూడు అడుగులు చాలకపోతే ఇంకా తీయండి. మిగిలిన పలకల తెగిన అంచులను కాలని దుప్పటితో కప్పండి. దుప్పటి అంచులకే, పలక తీయకుండా పైన కప్పడానికి కాదు. ఇది ఫైర్ రిటార్డెంట్ థర్మాకోల్ అని స్టోర్‌లో చెబితే నమ్మి ఊరుకోవద్దు. చిన్న నిప్పురవ్వకు అది ఆరిపోతుందేమో గానీ, రాడ్డు వేడికి అదీ కరుగుతుంది, మంట తగులుతూ ఉంటే అదీ మండుతుంది.

రవ్వలు 11 మీటర్ల దాకా పోతాయని లెక్క వేసుకోవాలి. ఆ మేర దూది ఉండకూడదు, తీయలేనిది కప్పాలి. ఇక ఫ్యాను ఆపాలి. ఆపకపోతే ఒక్క రవ్వ డక్ట్‌లోంచి గాని, కింద రిటర్న్ ట్రెంచిలోంచి గాని ఫిల్టరు దాకా పోతుంది. అక్కడ దూది తప్ప మరేమీ లేదు. ఫ్యాను ఆపితే తేమ పడిపోయి నూలు తెగుతుందని మేనేజరు గారు ఒప్పుకోరు. అయితే వారపు సెలవు నాడు చేయించండి.

కాపలా గురించి మాకు ఎక్కువ కోపం ఉంది. రాడ్లు అందించే కుర్రవాడినే ఫైర్ వాచ్ అని రాశారు. రాడ్డు అందించేవాడు రాడ్డునే చూస్తాడు. కాపలా మనిషికి వేరే పని ఉండకూడదు, చేతిలో నీళ్లు నిండిన హోస్ ఉండాలి. పౌడరు సిలిండరు పైమంట ఆర్పుతుంది గానీ, దూది లోపల రాజుకున్న నిప్పును ఆర్పదు. గోడకో కప్పుకో అవతలి పక్క కనబడకపోతే అక్కడ ఇంకొక మనిషి కావాలి.

పని ఆగాక కాపలా ఎంతసేపు? 51బీ లో ముందు 30 నిమిషాలు ఉండేది, 2019లో దాన్ని 60 నిమిషాలు చేశారు. దూది గంటల తరబడి లోలోపల రాజుకుంటుంది కనుక, ఆ గంట తర్వాత ఇంకో మూడు గంటలు అరగంటకొకసారి వచ్చి చూడాలని మేము అడుగుతున్నాం. మీ పర్మిట్ లెక్క చూడండి. వెల్డింగ్ 3.45 దాకా అని రాసి ఉంది. షిఫ్టు 4 గంటలకు దిగుతుంది. పావుగంటలో మీ కుర్రవాడు సైకిలెక్కి పోతాడు. రెండో షిఫ్టు వాళ్లకు పైన పని జరిగిందనే తెలియదు. వెల్డింగ్ 2.30కే ఆపండి. గంట కాపలా అయ్యాక 4కు వచ్చే జాబరుకు ఆ చోటు చూపించి, అతని చేత పర్మిట్ వెనక సంతకం పెట్టించండి. సెలవు నాడు చేస్తే ఖాతాలో వాసన పట్టేవాళ్లే ఉండరు, అప్పుడు మీ మనిషి నాలుగు గంటలూ అక్కడే కూర్చోవాలి.

నేను బ్లో రూంలో పనిచేసిన రోజుల్లో ఒక మిల్లులో గ్యాస్ కటింగ్ మధ్యాహ్నం ముగిస్తే, నిప్పు రాత్రి తొమ్మిదికి బయటపడింది. అది చూసిన కళ్లతోనే ఇది రాస్తున్నాను.

మీ మీద మాకు పగ లేదు. కాంట్రాక్టరు మీకు బ్రాకెట్ లెక్కన ఇస్తాడు, కాపలా గంటలకు పైసా ఇవ్వడు, అది మాకు తెలుసు. ఆ గంటల కూలి వర్క్ ఆర్డరులో రాయించమని మేనేజిమెంటును మేమే అడుగుతున్నాం, మీరూ అడగండి. తొడుగు విప్పే రోజు ముందుగా మాకు కబురు చేయండి. ఉత్త రేకు కనబడిందో లేదో చూడటానికి యూనియన్ మనిషి ఒకరు నిచ్చెన ఎక్కుతారు.

ఇట్లు,
కార్యదర్శి