కౌలు వరిలో లాభనష్టరహిత దిగుబడి: లెక్కలో సవరించవలసిన అంశం

కౌలు వరి సాగుకు రూపొందించే ఆదాయ వ్యయ పట్టికలలో కౌలు, వడ్డీలను స్థిర వ్యయంగాను, విత్తనం, ఎరువులు, పురుగుమందులు, కూలీల ఖర్చులను చర వ్యయంగాను చూపడం పరిపాటి. ఈ విభజన ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు పండితే నష్టం తప్పుతుందన్న ప్రశ్నకు తప్పుడు సమాధానమిస్తుంది. పైరు కోతకు వచ్చేసరికి ఆ ఖర్చులన్నీ జరిగిపోయి ఉంటాయి. దిగుబడి తగ్గిందని అవి తగ్గవు.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకొంటే విషయం స్పష్టమవుతుంది. ఎకరాకు నగదు కౌలు రూ.16,000, వడ్డీ రూ.2,000, సాగు ఖర్చు రూ.22,000, కోత యంత్రం అద్దె రూ.3,000. ఆరబెట్టడం, గోనె సంచులు, హమాలీ, రవాణాలకు క్వింటాలుకు రూ.150. ఆశించిన దిగుబడి 25 క్వింటాళ్లు. ధర 2024-25లో సాధారణ రకానికి ప్రకటించిన మద్దతు ధర, అంటే రూ.2,300.

వాడుకలోని పద్ధతిలో సాగు, కోత ఖర్చులు రూ.25,000ను 25 క్వింటాళ్లకు పంచుతారు. అప్పుడు క్వింటాలు చర వ్యయం రూ.1,150, ధరలో మిగిలే కాంట్రిబ్యూషన్ కూడా రూ.1,150. స్థిర వ్యయం రూ.18,000ను దానితో భాగిస్తే 15.7 క్వింటాళ్లు వస్తుంది. ఆశించిన దిగుబడి మూడో వంతుకు పైగా పడిపోయినా రైతుకు నష్టం లేదని ఈ లెక్క చెబుతుంది. వాస్తవానికి 16 క్వింటాళ్లు పండిన రైతు రూ.8,600 నష్టపోతాడు.

దిగుబడితో నిజంగా మారేది ఆ రూ.150 మాత్రమే. కాబట్టి కాంట్రిబ్యూషన్ రూ.2,150, స్థిర వ్యయం రూ.43,000, లాభనష్టరహిత దిగుబడి 20 క్వింటాళ్లు. భద్రతా పరిధి 5 క్వింటాళ్లు, అంటే 20 శాతం. 25 క్వింటాళ్ల వద్ద రెండు పద్ధతులూ ఒకే లాభం, రూ.10,750 చూపుతాయి, అందుకే పొరపాటు బయటపడదు.

ధర విషయం మరింత సున్నితమైనది. తేమ 17 శాతం మించి, ధాన్యాన్ని కళ్లంలోనే రూ.2,000కు అమ్ముకోవలసి వస్తే కాంట్రిబ్యూషన్ రూ.1,850కి దిగి, లాభనష్టరహిత దిగుబడి 23.2 క్వింటాళ్లకు పెరుగుతుంది. భద్రతా పరిధి 7 శాతమే మిగులుతుంది. సొంత భూమి రైతుకు చేతి నుండి కౌలు పోదు గనుక మద్దతు ధర వద్ద అది సుమారు 50 శాతం. పంట ఒకటే అయినా ఇద్దరికీ ఒకే పట్టిక చూపడం సమంజసం కాదు.

నగదు కౌలుకు బదులు పంటలో మూడో వంతు ఇచ్చే ఒప్పందమైతే లాభనష్టరహిత దిగుబడి 19.5 క్వింటాళ్లు, పెద్ద తేడా లేదు. అయితే 16 క్వింటాళ్ల వద్ద నష్టం సుమారు రూ.4,900కు తగ్గుతుంది. ప్రతిగా మంచి పంట వచ్చిన ఏడాది లాభం రూ.7,600 దగ్గర ఆగుతుంది. సాగు ఖర్చుల పట్టికలు కౌలు మొత్తంతో పాటు ఆ ఒప్పందం నగదుదో, పాలుదో కూడా నమోదు చేయాలి.