రోజుల లెక్కలో రైతుకు నష్టం ఎక్కడ జరుగుతున్నది?

విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట మండలాల పల్లెల్లో రైతులతో, కౌలుదార్లతో మాట్లాడినప్పుడల్లా మాకు ఒక మాట వినబడుతున్నది. “షావుకారు నెలకు ముప్పై రోజులే లెక్కేస్తాడు గదన్నా. బ్యాంకోళ్లు ముప్పై ఒకటో రోజుక్కూడా వడ్డీ గుంజుతున్నారు. యిదెక్కడి న్యాయం?” అని అడుగుతున్నారు. పంట అమ్ముకుని, కుదువబెట్టిన బంగారం విడిపించుకునే రోజుల్లో యీ ప్రశ్న మరీ ఎక్కువగా వస్తుంది.

ప్రశ్న సబబైనదే. ఎందుకంటే వడ్డీ అనేది రేటు వొక్కటే కాదు. అసలు, రేటు, రోజులు – మూడూ కలిస్తేనే వడ్డీ. రేటు గురించి అందరూ బేరమాడతారు. రోజుల్ని మాత్రం అప్పిచ్చినవాడు ఎన్నంటే అన్నని ఒప్పుకుంటారు. అందువల్ల లెక్క వేసే చూద్దాం.

రెండు లెక్కలు

మన ఊళ్లలో ప్రోనోటు లెక్క బడిలో నేర్చిన లెక్కే. లక్ష రూపాయలు నూటికి నెలకు రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 12 శాతానికి, 2024 నవంబరు 20న తీసుకుని 2025 ఏప్రిల్ 10న తీర్చారనుకుందాం. షావుకారు తీర్చిన తేదీ పైన, తెచ్చిన తేదీ కింద రాసి తీసివేస్తాడు. 10లో 20 పోదు కాబట్టి ఒక నెల అప్పు తెస్తాడు. ఆ నెలను 30 రోజులుగానే పట్టుకుంటాడు. తేలేది 4 నెలల 20 రోజులు, అంటే 140 రోజులు. ఏడాదికి 360 రోజులన్నమాట. వడ్డీ 4,667 రూపాయలు.

బ్యాంకు అట్లా చేయదు. క్యాలెండరులో ఉన్న రోజుల్ని ఉన్నట్టే లెక్కబెట్టి, ఏడాదికి 365తో భాగిస్తుంది. నవంబరులో మిగిలినవి 10, డిసెంబరు 31, జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్‌లో 10. మొత్తం 141 రోజులు. అసలును రేటుతో, రోజులతో హెచ్చవేసి 36,500తో భాగిస్తే వచ్చేది 4,636 రూపాయలు.

చూశారా? ఒక రోజు ఎక్కువ లెక్కబెట్టిన బ్యాంకు వడ్డీయే 31 రూపాయలు తక్కువ. కారణం ఏమంటే, షావుకారు లెక్కలో రోజు వడ్డీ 33 రూపాయల 33 పైసలు. బ్యాంకు లెక్కలో 32 రూపాయల 88 పైసలు. పైగా ఫిబ్రవరిలో లేని రెండు రోజులకు కూడా షావుకారు లెక్క వడ్డీ కడుతుంది.

అదే ఎడగారు పంటకు తెచ్చిన అప్పయితే తిరగబడుతుంది. ఏప్రిల్ 10న తెచ్చి సెప్టెంబరు 10న తీరిస్తే నెలల లెక్కన సరిగ్గా 5 నెలలు, 5,000 రూపాయలు. క్యాలెండరు ప్రకారం 153 రోజులు, 5,030 రూపాయలు. యిక్కడ బ్యాంకు లెక్క 30 రూపాయలు ఎక్కువ. ముప్పై ఒకటో తారీఖులున్న నెలలు యీ కాలంలో ఎక్కువ కాబట్టి అట్లా జరుగుతుంది. ఏడాది పొడవునా ఉన్న అప్పుకు రెండు లెక్కలూ ఒక్కటే, 12,000. అందువల్ల ముప్పై రోజుల నెల రైతు పక్షమనీ, ముప్పై ఒకటో రోజు బ్యాంకు మోసమనీ అనడానికి లేదు. లక్ష రూపాయల మీద పంటకు ముప్పై రూపాయలు అటో యిటో మారుతుంది, అంతే.

ముప్పై రోజుల నెల షావుకార్లు కనిపెట్టిందేమీ కాదు. భారత ప్రభుత్వం దీర్ఘకాలిక బాండ్ల మీద వడ్డీ కట్టేది యీ లెక్కనే. అదే ప్రభుత్వం స్వల్పకాలిక ట్రెజరీ బిల్లులకు మాత్రం అసలు రోజులు, 365 లెక్క వాడుతుంది. 360ని పన్నెండుతోనూ ముప్పైతోనూ భాగించడం సులువు. చేత్తో లెక్కలు కట్టిన రోజుల్లో ఆ సులువు పెద్ద సంగతి.

జాగ్రత్తపడవలసింది రెండు లెక్కల్నీ కలిపినప్పుడు. రోజులేమో క్యాలెండరువి 141, భాగించేదేమో 360తో. అప్పుడు వడ్డీ 4,700 అవుతుంది. డాలరు అప్పుల బజారులో యిది మామూలు పద్ధతే. ఆ లెక్కన ఏడాదికి 12 శాతమని చెప్పి 12.17 శాతం తీసుకున్నట్టు. మన దగ్గర ఎవరైనా అట్లా కడితే ఒప్పుకోనవసరం లేదు.

యిక షావుకారు ముప్పై రోజుల ఉదారత సంగతి. ప్రైవేటుగా దొరికేది రూపాయి వడ్డీ కాదు, రెండు రూపాయలు, ఆ పైన. రెండు రూపాయల లెక్కన పై నవంబరు అప్పుకే 140 రోజులకు 9,333 రూపాయలు. ఒక రోజు వదిలినట్టు కనబడి, బ్యాంకు కంటే 4,697 రూపాయలు ఎక్కువ తీసుకుంటాడు. ఎవరైనా తెలుగు నెలల లెక్కన, తిథుల ప్రకారం కడతానంటే అది మరీ నష్టం. చాంద్రమానంలో పన్నెండు నెలలు 354 రోజులకే నిండిపోతాయి.

తీసుకోను ఒక లెక్క, యివ్వను ఒక లెక్క

ఒకే లెక్కను రెండు వైపులా వాడినంతకాలం పెద్ద తేడా రాదు. తీసుకునేటప్పుడు ఒకటి, యిచ్చేటప్పుడు ఒకటి వాడితేనే దెబ్బ. 2010 ఏప్రిల్ 1కి ముందు బ్యాంకులు చేసింది యిదే. అప్పుకు రోజు లెక్క. పొదుపు ఖాతాకు మాత్రం నెల లెక్క. ప్రతి నెలా 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వకే ఆ నెల వడ్డీ యిచ్చేవి.

ఆ రోజుల్లో ఒక రైతు ధాన్యం డబ్బు లక్ష రూపాయలు మార్చి 12న ఖాళీ ఖాతాలో వేసి మే 5న తీశాడనుకోండి. మార్చిలో 10 దాటాక వేశాడు కాబట్టి ఆ నెలకు సున్నా. మేలో 10 రాకముందే తీశాడు కాబట్టి ఆ నెలకూ సున్నా. బ్యాంకు దగ్గర డబ్బు 54 రోజులుంటే వడ్డీ వచ్చేది ఒక్క ఏప్రిల్‌కే. అప్పటి మూడున్నర శాతం చొప్పున 292 రూపాయలు. రోజు లెక్కన అయితే 518 రావాలి. 2010 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు ఆదేశంతో పొదుపు ఖాతాకూ రోజు లెక్క వచ్చింది. పంట అమ్మగానే డబ్బు వేసి, ఎరువుకూ కూలికీ కొద్దిరోజుల్లోనే తీసుకునేవాళ్లకు పాత పద్ధతి వల్ల ఎంత పోయిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఏ రోజు నుంచి, ఏ రోజు దాకా?

అసలు నష్టం నెలకు ముప్పయ్యా ముప్పై ఒకటా అనే దాంట్లో లేదు. మొదటి రోజు ఏది, ఆఖరి రోజు ఏది అనే దాంట్లో ఉంది. యిది మా అనుమానం మాత్రమే కాదు. రిజర్వు బ్యాంకు తనిఖీల్లోనే బయటపడింది. 2024 ఏప్రిల్ 29న అది వాణిజ్య బ్యాంకులకూ, సహకార బ్యాంకులకూ, ఫైనాన్సు కంపెనీలకూ పంపిన ఉత్తర్వులో ఆ పద్ధతుల్ని ఒక్కొక్కటిగా పేర్కొన్నది.

కొన్ని సంస్థలు డబ్బు చేతికిచ్చిన రోజు నుంచి కాకుండా, అప్పు మంజూరైన రోజు నుంచో, కాగితాల మీద సంతకం పెట్టిన రోజు నుంచో వడ్డీ కడుతున్నాయి. చెక్కు మీద తేదీ ఒకటి, ఆ చెక్కు మనిషి చేతికొచ్చేది చాలా రోజుల తర్వాత. వడ్డీ మాత్రం చెక్కు తేదీ నుంచే. మరికొన్ని, నెలలో కొన్ని రోజులే అప్పు ఉన్నా నెలంతటికీ వడ్డీ తీసుకుంటున్నాయి.

మన నవంబరు అప్పుకే యీ పద్ధతులు పెట్టి చూద్దాం. సరైన వడ్డీ 4,636. డబ్బు చేతికి రాకముందు ఒక వారం కలిపితే 230 రూపాయలు పెరుగుతుంది. 4 నెలల 20 రోజుల్ని 5 నెలలు చేస్తే 5,000. నవంబరులో పది రోజులకు ఒక నెల, ఏప్రిల్‌లో పది రోజులకు ఒక నెల కట్టి ఆరు నెలలంటే 6,000. ముప్పై రూపాయల తేడా గురించి వాదించుకుంటుంటే, పక్కనుంచి 1,364 రూపాయలు పోయినయ్. అప్పు తెచ్చిన రోజూ తీర్చిన రోజూ రెండూ కలిపి లెక్కబెట్టడం యింకొకటి. దానికి 33 రూపాయలు. తెచ్చిన రోజు కలిపితే తీర్చిన రోజు వదలాలి, లేదా అది వదిలితే యిది కలపాలి.

యిట్లా ఎక్కువ తీసుకున్నది తిరిగి యిచ్చేయమని తనిఖీల్లో చెప్పినట్టు కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. కాబట్టి అడిగేవాళ్ల చేతిలో ఆధారం ఉంది.

ఒక్క రోజు ఖరీదు

రోజుల లెక్కలో అన్నింటికంటే పెద్ద దెబ్బ పంట రుణం గడువు దగ్గర తగులుతుంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద యిచ్చే స్వల్పకాలిక పంట రుణానికి కేంద్ర పథకం కింద వడ్డీ 7 శాతం. సకాలంలో కడితే అందులో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. సకాలం అంటే బ్యాంకు పెట్టిన గడువు తేదీ. ఎంత పొడిగినా డబ్బిచ్చిన రోజు నుంచి ఏడాదికి మించదు.

లక్ష రూపాయలు ఏడాది వాడుకుని గడువులోపు కడితే వడ్డీ 4,000. ఒక రోజు ఆలస్యమైతే 7,000. ఆ ఒక్క రోజుకు మామూలుగా పడవలసిన వడ్డీ 19 రూపాయలు, పోగొట్టుకునేది 3,000. అంటే 156 రోజుల వడ్డీ ఒక్క రోజుకు చెల్లించినట్టు. గడువు దాటిన తర్వాత 7 శాతం రేటు కూడా ఉండదు, బ్యాంకు మామూలు రేటు పడుతుంది.

యిక్కడ నెలల్ని నోటి లెక్కన కట్టడం ప్రమాదం. “పోయిన కార్తీకంలో తెచ్చా, యీ కార్తీకంలో కడతా” అనుకుంటే కుదరదు. తెలుగు నెల ఏటా ఇంగ్లీషు తేదీ మీద అటూ యిటూ జరుగుతుంది. గడువు ఆఖరి రోజు బ్యాంకు సెలవో, వర్షానికి దారులు తెగిన రోజో కావచ్చు. తీరంలో నవంబరు, డిసెంబరులంటే తుపాన్ల నెలలు. వారం ముందే కట్టేస్తే వారం వడ్డీ 77 రూపాయలు మిగులుతుంది కూడా. అది నష్టం కాదు, లాభమే.

అడగవలసినవి

అప్పు తీర్చేటప్పుడు యిచ్చే వడ్డీ చీటీ మీద మొత్తం వొక్కటే ఉంటే సరిపోదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని రోజులు, ఏ రేటు, 365తో భాగించారా 360తోనా – యీ నాలుగూ తెలుగులో రాసివ్వాలి. పంట రుణం యిచ్చిన రోజే గడువు తేదీని పాసుపుస్తకం మీద రాసివ్వాలి. నెలకు కొన్ని రోజులే వాడుకున్న అప్పుకు నెలంతా వడ్డీ కట్టిన చోట 2024 ఏప్రిల్ ఉత్తర్వు చూపించి, ఎక్కువ తీసుకున్నది వెనక్కి యిమ్మని బ్రాంచిలో రాతపూర్వకంగా అడగాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఖర్చేమీ లేదు.

బ్యాంకు తన ముప్పై రోజుల్నీ క్యాలెండరు చూసే లెక్కబెట్టుకుంటుంది. మన వాళ్లూ ఫిర్యాదు అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని, ఆ రోజు నుంచే లెక్కబెట్టాలి.