ఆ కుండ ఎక్కడిది?

మా పిన్ని వంటల వీడియోలకి సబ్‌టైటిల్స్ సరిచేసేది నేనే. ఆటోమేటిక్‌గా వచ్చిన ఫైల్ దించుకుంటే టమాటా నిల్వపచ్చడి వీడియోలో ఇలా ఉంది:

```
41
00:03:12,400 --> 00:03:15,100
తడి తగల కుండ జాడీలో పెట్టండి
```

పిన్ని అన్నది ‘తగలకుండా’. మెషీన్ మధ్యలో విరిచేసి, చివరి దీర్ఘం మింగేసింది. ‘వద్దు’ అన్న అర్థం పోయి, వంటింట్లోకి ఓ కుండ వచ్చింది! సౌండ్ ఆపేసి చదువుకుంటూ చూసేవాళ్లు ఇది నమ్మితే పచ్చడి బూజు పట్టడం ఖాయం. అందుకే ఏ ఫైల్ తెరిచినా నేను ముందు వెతికేది స్పేస్‌తో సహా ‘ కుండ’. దొరికిన ప్రతిచోటా ఆడియో విని మారుస్తా. నిజంగానే కుండలో వండిన వీడియోలూ ఉంటాయి కదా.

‘ఏంచేస్తున్నావ్’ లాంటి అతుకులు అంత ప్రమాదం కాదు. చదవడానికి ఇబ్బందైతే విడదీస్తా. ‘వాడొచ్చాడు’ని మాత్రం ముట్టుకోను, మనిషి అన్నదే అలా.

ఇంగ్లిష్ మాటలు ఇంకో తలనొప్పి. ‘లో ఫ్లేమ్‌లో పెట్టండి’ అంటే ‘లోపలే పెట్టండి’ అని వచ్చింది. వాక్యం చక్కగా తెలుగులోనే ఉంది కాబట్టి కళ్లతో చదువుకుంటూ పోతే దొరకదు. వినాల్సిందే.

ఇక పేర్లు. పిన్ని కోడలు రవళి ఫైల్ అంతటా ‘రవి’ అయిపోయింది. రీప్లేస్ ఆల్ కొడితే? అరవింద్ కాస్తా ‘అరవళింద్’, ‘ఎవరవి?’ కాస్తా ‘ఎవరవళి?’ అయిపోతాయి. కోడ్ తెలిసినవాళ్లు వెంటనే పైథాన్‌లో ఇది రాస్తారు:

```
re.sub(r"\bరవి\b", "రవళి", text)
```

ఇది ఉల్టా పనిచేస్తుంది. పైథాన్ `re` మాడ్యూల్ గుడిని అక్షరంగా లెక్కపెట్టదు. అందుకని ‘రవి’ తర్వాత స్పేస్ ఉంటే అక్కడ మాట ముగిసిందని దానికి తెలీదు, వదిలేస్తుంది. ‘రవికి’లో మాత్రం గుడి పక్కన ‘క’ రాగానే మాట అయిపోయిందనుకుని మార్చేస్తుంది. అందుకే నేను ముందు స్పేస్ పెట్టి ‘ రవి’ అని వెతికి, ఒక్కొక్కటే చూసి మారుస్తా. రవికి, రవితో, రవిని అన్నీ దొరుకుతాయి, అరవింద్ జోలికి పోదు. లైన్ మొదట్లో ఉన్నవాటికి స్పేస్ ఉండదు కాబట్టి ఇంకోసారి చూడాలి. ‘రవిక’ కూడా తగులుతుంది, దాన్ని దాటేయండి.

టైమ్ ఉన్న లైన్‌ని మాత్రం కదపకండి. అందులో కామా పోయినా కొన్ని ప్లేయర్లు ఆ లైన్ చూపించవు. సేవ్ చేసేటప్పుడు UTF-8 పెట్టండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోవచ్చు. పది నిమిషాల వీడియోకి నాకు ముప్పావుగంట పడుతుంది, అందులో సగం పిన్ని ఇంగ్లిష్‌కే.